పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చిన అమ్మాయికి అభినందన పోస్టు ఎలా రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి సీబీఎస్ఈ పదో తరగతిలో తెలుగు 99, ఇంగ్లిష్ 94, లెక్కలు 98, సైన్స్ 97, సోషల్ 98, ఐటీ 100 వచ్చాయి. స్కూల్లో తనే ఫస్ట్ అంటున్నారు. నేనూ మా ఆవిడా కలిసి ఫేస్‌బుక్‌లోనూ చుట్టాల వాట్సాప్ గ్రూపులోనూ అభినందన పెడదామనుకుంటున్నాం. "98.4 శాతంతో టాపర్" అని రాసి మార్కుల షీటు ఫొటో కూడా జతచేద్దామని ఉంది. "కొడుకు లేని లోటు తీర్చింది" అని కూడా రాయాలనుంది. ఎలా రాస్తే బాగుంటుందో చెప్పండి.

జవాబు:

ముందుగా మీ అమ్మాయికి నా మనఃపూర్వక అభినందనలు, మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. ఒక సీబీఎస్ఈ పాఠశాలలో పరీక్షల విభాగం బాధ్యతను చాలా ఏళ్లు చూసినవాణ్ని కాబట్టి, ఫలితాల రోజున తల్లిదండ్రులు రాసుకున్న ఇలాంటి అభినందనలు ఎన్నో చదివాను. వాటిలో మంచివి పదేళ్ల తర్వాత కూడా ఆ పిల్లలు దాచుకున్నారు. కొన్నింటిని మాత్రం పెట్టిన మర్నాడే తీసేయవలసి వచ్చింది. అలా తీసేయవలసి వచ్చిన వాటిలో ఎక్కువ భాగానికి కారణం భాష కాదు, అందులో వేసిన అంకె. అందుకే మీ పోస్టులోని 98.4 దగ్గర మొదలుపెడతాను.

ఆ అంకె మీకు ఎలా వచ్చిందో ఊహించగలను. ఆరు సబ్జెక్టుల్లో అన్నిటికన్నా తక్కువ వచ్చిన ఇంగ్లిష్‌ను పక్కనపెట్టి, మిగిలిన ఐదింటిని కూడితే 492 అవుతుంది. 500కు 492 అంటే 98.4 శాతం. లెక్క సరైనదే, కానీ ఇదే మార్కుల షీటు నుంచి మరో మూడు శాతాలు కూడా అంతే న్యాయంగా వస్తాయి. రెండు భాషలు, లెక్కలు, సైన్స్, సోషల్ అనే ప్రధానమైన ఐదు సబ్జెక్టులను మాత్రమే కూడితే 486, అంటే 97.2 శాతం. ఇంగ్లిష్‌ను తప్పనిసరిగా ఉంచి, మిగిలినవాటిలో మెరుగైన నాలుగింటిని తీసుకుంటే 489, అంటే 97.8 శాతం. ఆరింటినీ కలిపితే 600కు 586, అంటే దాదాపు 97.7 శాతం. పదకొండో తరగతి ప్రవేశాలకు వీటిలో ఏ పద్ధతిని పాటించాలో ఒక్కో పాఠశాల ఒక్కోలా నిర్ణయించుకుంటుంది.

వీటిలో బోర్డు లెక్క ఏది అని మీరు అడగవచ్చు. బోర్డు లెక్క అంటూ ఏదీ లేదు. మొత్తం మార్కుల శాతాన్ని గానీ, డివిజన్‌ను గానీ, డిస్టింక్షన్‌ను గానీ తాను ఇవ్వబోనని సీబీఎస్ఈ 2023 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. ఐదు కన్నా ఎక్కువ సబ్జెక్టులు రాసిన విద్యార్థి విషయంలో ఏ ఐదింటిని ఉత్తమంగా తీసుకోవాలన్నది చేర్చుకునే సంస్థే నిర్ణయించుకుంటుందని కూడా అప్పుడే చెప్పింది. కాబట్టి మార్కుల షీటులో మీకు సబ్జెక్టువారీ మార్కులు, గ్రేడ్లు కనిపిస్తాయి తప్ప 98.4 అనే అంకె ఎక్కడా కనిపించదు. షీటులో లేని అంకెను పోస్టులో పెడితే, చదివినవాళ్లలో ఎవరో ఒకరు కూడి చూస్తారు. అప్పుడు అమ్మాయి సాధించిన దాని గురించి కాకుండా మీ కూడిక గురించి చర్చ మొదలవుతుంది.

నా సలహా ఏమిటంటే, ప్రధానమైన ఐదు సబ్జెక్టుల మొత్తం 486 రాసి, ఐటీలో నూటికి నూరు వచ్చాయని విడిగా ఒక వాక్యం రాయండి. అలా రాస్తే అంకె 97.2కు తగ్గిపోయిందని మీకు అనిపించవచ్చు గానీ, చదివేవారి దృష్టిలో నిలిచేది 500కు 486, దాని పక్కన నూటికి నూరు. ఆ రెండింటినీ ఎవరూ ప్రశ్నించలేరు. పైగా ఇంగ్లిష్‌ను తీసేసి లెక్క వేస్తే, ఆ సబ్జెక్టును మీరు దాచుకోవలసిన విషయంగా చూశారని అమ్మాయికి తప్పకుండా తెలుస్తుంది. 94 దాచుకోవలసిన మార్కు కానే కాదు.

ఇక "టాపర్" అన్న మాట సంగతి. సీబీఎస్ఈ దేశవ్యాప్త టాపర్ల జాబితాను ప్రకటించడం లేదు. విద్యార్థుల మధ్య అనారోగ్యకరమైన పోటీ పెరగకూడదనే ఉద్దేశంతో మెరిట్ జాబితా ఇవ్వడం లేదని 2023 ఫలితాల సందర్భంలో బోర్డే చెప్పింది. కాబట్టి "సీబీఎస్ఈ టాపర్" అని గానీ "బోర్డు ఫస్ట్" అని గానీ రాయడానికి ఆధారం ఉండదు. పాఠశాల విషయానికి వస్తే, బోర్డు నుంచి వచ్చిన తమ విద్యార్థుల మార్కుల పట్టికను చూసుకుని ఎవరు ముందున్నారో పాఠశాలే తేల్చుకుంటుంది కనుక "స్కూల్ ఫస్ట్" అనే మాటకు ఆధారం ఉంటుంది. కానీ "అంటున్నారు" అన్నంతవరకు అది ఇంకా తేలలేదని అర్థం. ప్రిన్సిపాల్‌గారినో పరీక్షల బాధ్యత చూసే టీచర్‌నో ఒక్క మాట అడగండి: "మీరు ఏ సబ్జెక్టులు కూడి ఫస్ట్ అని నిర్ణయించారు?"

ఈ ప్రశ్న ఎందుకు అడగాలో ఒక ఉదాహరణతో చెబుతాను. అదే తరగతిలో ఒక అబ్బాయికి తెలుగు 98, ఇంగ్లిష్ 97, లెక్కలు 98, సైన్స్ 97, సోషల్ 97, ఐటీ 92 వచ్చాయనుకుందాం. ప్రధానమైన ఐదింటి మొత్తం అతనికి 487, మీ అమ్మాయికి 486. ఆ లెక్కన అతనే ఫస్ట్. ఉత్తమమైన ఐదు సబ్జెక్టులు తీసుకుంటే అతనికి అదే 487 ఉంటుంది, మీ అమ్మాయికి మాత్రం 492 అవుతుంది. అప్పుడు మీ అమ్మాయి ఐదు మార్కులు ముందుంటుంది. ఇద్దరి తల్లిదండ్రులూ నిజాయితీగానే "మా పిల్లలే స్కూల్ ఫస్ట్" అని రాసుకోవచ్చు. రెండు పోస్టులూ ఒకే సాయంత్రం కనిపిస్తే ఇబ్బంది పడేది మాత్రం ఒకే బెంచీలో కూర్చునే ఆ ఇద్దరు పిల్లలు. ఇలాంటిది నేను పనిచేసిన చోటే జరిగింది. ఆ రెండు కుటుంబాలూ మంచివే, కానీ ఆ వేసవి అంతా ఇళ్ల మధ్య మాటల్లేవు. పాఠశాల ఏ పద్ధతిని పాటించిందో తెలుసుకుని, మీ పోస్టులో కూడా అదే మొత్తాన్ని రాస్తే ఈ చిక్కు రాదు. పాఠశాల ఉత్తమమైన ఐదింటి ప్రకారం నిర్ణయించి ఉంటే, నేను పైన చెప్పిన దానికి భిన్నంగా మీరు 492 రాయవలసి ఉంటుంది. అప్పుడు మాత్రం "ఉత్తమమైన ఐదు సబ్జెక్టుల్లో" అనే మాటను వదలకండి.

మరో విషయం. 2026 నుంచి సీబీఎస్ఈ పదో తరగతి పరీక్షలను ఏడాదికి రెండు విడతలుగా నిర్వహించే పద్ధతి వచ్చింది. మొదటి విడత అందరూ రాయాలి. పాసైనవారు కావాలనుకుంటే సైన్స్, లెక్కలు, సోషల్, భాషల్లో గరిష్ఠంగా మూడింటిలో మార్కులు పెంచుకోవడానికి రెండో విడత రాయవచ్చు, రెండింటిలో మెరుగైన మార్కే నిలుస్తుంది. ఇంగ్లిష్‌లో నాలుగు మార్కులు పెరిగితే చాలనుకునే విద్యార్థి మే నెలలో మళ్లీ రాసి, జూన్ నాటికి మీ అమ్మాయిని దాటిపోవచ్చు. అందువల్ల మొదటి విడత తర్వాత పెట్టే పోస్టులో "మొదటి విడత ఫలితాల్లో" అనే మాట చేర్చడం మంచిది. మార్కుల పరిశీలనకు దరఖాస్తు చేసుకునే ఆలోచన ఉంటే అదీ గుర్తుంచుకోండి. పరిశీలనలో మార్కులు పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. తగ్గినా ఆ మార్పునే బోర్డు ఖరారు చేస్తుంది.

గ్రేడ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. "అన్నింటిలోనూ ఏ1" అని రాయాలని చాలామందికి ఉంటుంది. 90 దాటితే ఏ1 అని బడి పరీక్షల అలవాటు కొద్దీ అనుకుంటాం. సీబీఎస్ఈ బోర్డు పరీక్షలో మాత్రం ఆ సబ్జెక్టులో పాసైన వారందరినీ మార్కుల వరుసలో పెట్టి, పైనున్న ఎనిమిదో వంతు మందికి ఏ1 ఇస్తారు. అంటే ఏ మార్కు దగ్గర ఏ1 ఆగిపోతుందో ఏటా, సబ్జెక్టును బట్టి మారుతుంది. ఇంగ్లిష్ 94కు ఏ గ్రేడు వచ్చిందో షీటులో చూసిన తర్వాతే ఆ వాక్యం రాయండి. ఐటీలో నూరు వచ్చింది కదా అని "మెరిట్ సర్టిఫికెట్ సాధించింది" అని ఇప్పుడే రాయవద్దు. సబ్జెక్టువారీగా అత్యధిక మార్కులు పొందిన 0.1 శాతం మందికి బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ అది. అది అందాక చెప్పుకోవచ్చు.

రాష్ట్ర బోర్డుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారేమో కాబట్టి క్లుప్తంగా చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో ఆరు సబ్జెక్టులకు 600 మార్కులు కనుక మొత్తం విషయంలో ఈ తికమక రాదు. అయితే పదో తరగతి ఫలితాలను ర్యాంకుల రూపంలో ప్రచారం చేసుకోవడాన్ని ఆ ప్రభుత్వం 2022లో నిషేధించింది. కాబట్టి ఏదైనా పాఠశాల "స్టేట్ ఫస్ట్" అని మీ పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ వేస్తానంటే ఒప్పుకోకండి. తెలంగాణలో 2024 వరకు జీపీఏ ఉండేది, అప్పట్లో పదికి పది వేలమందికి వచ్చేది కనుక టాపర్ అన్న మాటకు అర్థమే ఉండేది కాదు.

ఇప్పుడు మార్కుల షీటు ఫొటో విషయానికి వద్దాం. దయచేసి పెట్టవద్దు. సీబీఎస్ఈ పదో తరగతి షీటులో అమ్మాయి పూర్తి పేరు, రోల్ నంబరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాఠశాల పేరు, దాని పక్కన పాఠశాల కోడ్ అన్నీ ఉంటాయి. ఇదే కాగితాన్ని మీ అమ్మాయి ముందుముందు పుట్టిన తేదీకి రుజువుగా చాలాచోట్ల చూపించబోతోంది. హాల్ టికెట్ పక్కన పెట్టి ఫొటో తీయడం ఇంకా ప్రమాదం. ఫలితాల వెబ్‌సైట్‌లో అడిగే రోల్ నంబరు, స్కూల్ నంబరు, అడ్మిట్ కార్డు ఐడీ, పుట్టిన తేదీ నాలుగూ ఆ ఒక్క కాగితం మీదే ఉంటాయి. వేలితో గీసినట్టు రంగు పూసి నంబర్లను కప్పామని కొందరు అంటారు. ఫోన్‌లోని మార్కర్ గీతల్లో కొన్ని పలుచగా ఉంటాయి, వెలుతురు పెంచి చూస్తే కింది అంకెలు కనిపిస్తాయి. మార్కులు చూపించి తీరాలనుకుంటే, ఆరు సబ్జెక్టుల పేర్లూ మార్కులూ ఒక తెల్లకాగితం మీద అమ్మాయి చేతనే రాయించి ఆ కాగితాన్ని ఫొటో తీయండి. కుదురైన ఆ చేతిరాత కంప్యూటర్ అచ్చుకన్నా ఎంతో అందంగా ఉంటుంది, అందులో ఎవరికీ ఉపయోగపడే నంబరూ ఉండదు.

అమ్మాయి ఫొటోలో కూడా ఒకటి రెండు చూసుకోవాలి. యూనిఫాంలో దిగిన ఫొటో అయితే మెడలోని ఐడీ కార్డును తీయించండి, లేదా కార్డు కనబడకుండా పైభాగం మాత్రమే ఉంచండి. ఫేస్‌బుక్‌లో పోస్టును "అందరికీ" కాకుండా "స్నేహితులకు" మాత్రమే కనిపించేలా ఉంచండి. ఫలితాల వారంలో అందరికీ కనిపించే పోస్టుల నుంచి ఫొటోలు తీసుకుని, తమ దగ్గర చదివిన విద్యార్థిని అని ప్రకటనలు వేసుకునే ట్యూషన్ కేంద్రాలు ఉంటాయి. మీ అమ్మాయి ఏదైనా కోచింగ్ కేంద్రంలో చదివి ఉంటే, ఆమె పేరును గానీ ఫొటోను గానీ ప్రకటనలో వాడుకోవడానికి ఫలితం వచ్చిన తర్వాత రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అడ్మిషన్ ఫారం మీద ఎప్పుడో పెట్టించుకున్న సంతకం ఆ అనుమతి కిందికి రాదు.

ఇక మాటల సంగతి. "కొడుకు లేని లోటు తీర్చింది" అన్న వాక్యం మీరు ఎంత ప్రేమతో రాయాలనుకున్నారో నాకు అర్థమవుతుంది. మన ఇళ్లలో ఆడపిల్లను మెచ్చుకోవడానికి తరతరాలుగా వాడుతున్న మాట అది, మీకు అలవాటుగా వచ్చింది. కానీ దాన్ని చదివే పదహారేళ్ల అమ్మాయి వైపు నుంచి ఒక్కసారి చూడండి. లోటు తీర్చింది అంటే ఇన్నాళ్లూ ఇంట్లో ఒక లోటు ఉండేదన్నమాట. ఆ లోటు తాను పుట్టడంతోనే మొదలైందన్నమాట. 486 మార్కులు వచ్చాకే అది తీరిందన్నమాట. తన విజయం గురించి అమ్మానాన్నలు రాసిన మొట్టమొదటి వాక్యంలో, లేని ఒక అబ్బాయి తనకన్నా ముందు వచ్చి నిలబడతాడు. ఒక విద్యార్థిని ఇలాంటి పోస్టును నాకు చూపించి, "సార్, తక్కువ వచ్చి ఉంటే ఏమని రాసేవాళ్లో" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. "మగపిల్లాడికి ఏమాత్రం తీసిపోదు", "మా అమ్మాయి కాదు, మా అబ్బాయే" అనేవి కూడా ఇదే కోవలోవి. వాటి బదులు "మా అమ్మాయి" అన్న రెండు మాటలు చాలు.

"రోజుకు పద్దెనిమిది గంటలు చదివింది", "ఫోన్ ముట్టుకోలేదు", "పండగలకు కూడా ఎక్కడికీ రాలేదు" అనే వాక్యాలనూ పరిహరించండి. అవి తరచూ నిజం కావు. నిజమైనా, గ్రూపులోని మిగతా ఇళ్లలో మీ పోస్టును చూపించి పిల్లల్ని మందలించడానికి తప్ప ఎందుకూ పనికిరావు. వాటికి బదులుగా, మీరు మాత్రమే చూసిన ఒక్క చిన్న పనిని రాయండి. బడిలో నేను గమనించినంతవరకు, ఇలా మార్కులు తెచ్చుకునే పిల్లలకు ఏదో ఒక సొంత పద్ధతి ఉంటుంది. ఒక అమ్మాయి లెక్కల్లో చేసిన ప్రతి తప్పునూ ఎర్ర అట్ట ఉన్న ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకునేది. ఎడమవైపు తప్పు, కుడివైపు అది ఎందుకు జరిగిందో ఒక వాక్యం. "మైనస్ గుర్తు బ్రాకెట్ లోపలికి తీసుకెళ్లడం మరిచాను" లాంటివి. ప్రీబోర్డు నాటికి ఆ పుస్తకంలో కొత్త వాక్యాలు రావడం దాదాపు ఆగిపోయింది. వాళ్ల అమ్మగారు పోస్టులో మార్కుల గురించి ఒకే వాక్యం రాసి, మిగిలినదంతా ఆ ఎర్ర అట్ట పుస్తకం గురించే రాశారు. ఆ పోస్టు చదివి మా తరగతిలో మరికొందరు పిల్లలు అలాంటి పుస్తకం పెట్టుకున్నారు. మీ అమ్మాయికి ఉన్న అలాంటి అలవాటేమిటో ఈ రాత్రి మీరిద్దరూ కూర్చుని గుర్తుచేసుకోండి. అదే మీ పోస్టుకు ప్రాణం.

ఆమె భవిష్యత్తు గురించి మీరు ప్రకటన చేయవద్దు. "కలెక్టర్ కావడమే లక్ష్యం", "డాక్టర్‌గా పేదలకు సేవ చేస్తుంది" అని తల్లిదండ్రులు రాస్తారు. రేపు ఆమె పదకొండో తరగతిలో కామర్స్ తీసుకోవాలనుకుంటే, ఆ నిర్ణయాన్ని మీ ఇద్దరికే కాకుండా పోస్టు చదివిన చుట్టాలందరికీ వివరించుకోవలసి వస్తుంది. ఏ గ్రూపు తీసుకోవాలో ఆమే తేల్చుకున్నాక, చెప్పుకోవాలనుకుంటే ఆమే చెబుతుంది.

ఉపాధ్యాయుల పేర్లు రాయాలా అని చాలామంది అడుగుతారు. ఒకరిద్దరి పేర్లు రాస్తే మిగతావారు వెలితిగా భావిస్తారు, అందరివీ రాస్తే పోస్టు ఆహ్వాన పత్రికలా తయారవుతుంది. "తరగతి ఉపాధ్యాయులకూ, సబ్జెక్టు ఉపాధ్యాయులందరికీ" అంటే సరిపోతుంది. విడిగా కృతజ్ఞత చెప్పుకోవలసినవారికి ఫోన్ చేసి చెప్పండి, లేదా అమ్మాయిని తీసుకుని వెళ్లి కలవండి.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని ఫేస్‌బుక్ కోసం ఒక నమూనా రాస్తున్నాను. అలవాటు గురించిన భాగం నేను ఊహించి రాసింది, దాని స్థానంలో మీ ఇంటి నిజాన్ని పెట్టండి.

"మా అమ్మాయి సీబీఎస్ఈ పదో తరగతి మొదటి విడత ఫలితాల్లో ప్రధానమైన ఐదు సబ్జెక్టులలో 500కు 486 మార్కులు సాధించి తన పాఠశాలలో ప్రథమ స్థానంలో నిలిచింది. ఐటీలో నూటికి నూరు మార్కులు వచ్చాయి. ఈ ఏడాదంతా రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు సోషల్ పాఠాన్ని పుస్తకం మూసి మా ఇద్దరికీ చెప్పేది. మేము అడిగిన ప్రశ్నలకు తడబడితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకుని మర్నాడు మళ్లీ చెప్పేది. అలా మేమూ పదో తరగతి పాఠాలు మరోసారి చదువుకున్నాం. అమ్మలూ, నీ పట్టుదలను దగ్గరుండి చూసినందుకు మాకెంతో గర్వంగా ఉంది. ఫలితం వచ్చిన ఈ రోజే కాదు, పెన్సిలు గుర్తులు పెట్టుకున్న ఆ రాత్రుల్లో కూడా అంతే గర్వంగా ఉండేది. నీకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయులందరికీ మా నమస్కారాలు. ప్రేమతో, అమ్మా నాన్నా."

ఇందులో మార్కుల గురించి ఉన్నవి రెండు వాక్యాలే. మిగతాదంతా అమ్మాయి గురించి, అదీ మీరు కళ్లారా చూసిన దాని గురించి. "ఈ రోజే కాదు" అన్న వాక్యాన్ని తీసేయవద్దని నా మనవి. మార్కులు రాకముందు కూడా మీకు ఆమె అంటే గర్వమేనని ఆమెకు తెలిసేది ఆ ఒక్క వాక్యం ద్వారానే. పాఠశాల ఇంకా ఫస్ట్ విషయం ధ్రువీకరించకపోతే మొదటి వాక్యంలోని "తన పాఠశాలలో ప్రథమ స్థానంలో నిలిచింది" అన్నంతవరకు తీసేసి "486 మార్కులు సాధించింది" అని ముగించండి. పోస్టుకు ఏ లోటూ రాదు.

పోస్టు పెట్టే ముందు దాన్ని అమ్మాయికి చదవడానికి ఇవ్వండి. పైకి చదివి వినిపించకుండా ఫోన్ ఆమె చేతికిచ్చి, మీరు పక్క గదిలోకి వెళ్లండి. ఎదురుగా కూర్చుంటే మొహమాటానికి బాగుందంటుంది. "ఇది తీసేయనా" అని ఆమె ఒక మాటను చూపిస్తే కారణం అడగకుండా తీసేయండి. కొందరు పిల్లలు మార్కులు అసలు వేయవద్దంటారు, ప్రాణస్నేహితురాలికి తక్కువ వచ్చి ఉండటం అందుకు తరచూ కారణమవుతుంది. అలాంటప్పుడు అంకెలు లేకుండా మిగతా భాగం పెట్టండి. అడిగినవారికి ఫోన్‌లో చెప్పవచ్చు.

చుట్టాల గ్రూపులో మాత్రం ఇదే పోస్టును పెట్టవద్దు. అక్కడ మీ అన్నదమ్ముల పిల్లలో, మీ ఆవిడ తరఫు పిల్లలో ఇదే ఏడాది పరీక్ష రాసినవారు ఉండే అవకాశం ఉంది. ముందు ఆ ఇళ్లకు ఫోన్ చేసి వారి ఫలితం కనుక్కోండి. తర్వాత ఒక పూట ఆగి, "మా అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది, స్కూల్ ఫస్ట్ వచ్చింది. మీ అందరి ఆశీస్సులు కావాలి" అని పెట్టండి. పెద్దవాళ్లున్న గ్రూపులో ఆశీస్సులు అడగడమే మన మర్యాద. తాతయ్యకూ అమ్మమ్మకూ మాత్రం గ్రూపులో చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి, అమ్మాయి చేతనే ఫోన్ చేయించండి.

పోస్టు పెట్టాక వచ్చే వ్యాఖ్యల్లో రెండు రకాల వాటికి ముందే సిద్ధంగా ఉండండి. మొదటిది "ఇంగ్లిష్‌లో ఆ ఆరు మార్కులు ఎక్కడ పోయాయి?" అని సరదాగా అడిగేది. అడిగినవారికి సరదా, అమ్మాయికి కాదు. అందుకే దానికి మీరే, ఆమె చూసేలోపే, "94 వచ్చాయని మేము చాలా సంతోషంగా ఉన్నాం బాబాయ్" అని జవాబివ్వండి. రెండోది "మా వాడికి చూపిస్తాను, చూసి నేర్చుకుంటాడు" అనేది. దానికి "వాడి బొమ్మలు మా అమ్మాయికి ఎంత ఇష్టమో, కొత్తవి వేస్తే పంపమని చెప్పండి" అన్నట్టుగా, ఆ పిల్లవాడిలో మీకు నిజంగా తెలిసిన మంచి విషయాన్ని రాయండి. ఆ వ్యాఖ్యను అతనూ చదువుతాడు.

రెండో విడత ఫలితాలు వచ్చి స్థానం మారితే పోస్టును తొలగించనవసరం లేదు. "మొదటి విడత" అని ముందే రాశారు కాబట్టి అది అప్పటికీ నిజమే. ముందుకు వచ్చిన విద్యార్థి ఇంటికి అమ్మాయితో కలిసి ఫోన్ చేసి అభినందించండి. మార్కుల పరిశీలనలో మీ అమ్మాయి మార్కులే మారితే మాత్రం అదే పోస్టులో కింద తేదీ వేసి కొత్త మొత్తాన్ని రాయండి.